డబ్బింగ్ రాసేటప్పుడు కబుర్ల ఎత్తుగడ

ఇంగ్లిష్‌లో కబురు మొదలుపెట్టే ‘గెస్ వాట్’ని తెలుగులో ‘ఊహించు చూద్దాం’ అంటే పొడుపు కథ వేసినట్టుంటుంది. అక్కడ జవాబు ఎవరూ అడగడం లేదు, చెవి ఇటు పడెయ్యమంటున్నారు అంతే. ‘విన్నావా?’ చాలు. పక్కింటావిడతోనైతే ‘విన్నారా వదినా?’, తెలంగాణ పాత్రకైతే ‘నీకో ముచ్చట ఎర్కేనా?’

‘యూ వోంట్ బిలీవ్ ఇట్’కి ‘చెబితే నమ్మవు గానీ’ బాగా అతుకుతుంది. ఆ ‘గానీ’ తీసేస్తే ఎదుటివాళ్లని తప్పుపట్టినట్టు వినిపిస్తుంది.

‘బిట్వీన్ యూ అండ్ మీ’ దగ్గరే ఎక్కువమంది బోల్తా పడతారు. ‘నీకూ నాకూ మధ్య’ అని రాస్తే ఏదో తగాదా ఉన్నట్టే. మనవాళ్ల భయం గుట్టు బయటపడటం కన్నా తమ పేరు బయటపడటం గురించే కాబట్టి ‘నేను చెప్పానని అనకు’ సహజం.

ఎత్తుగడ కుదిరాక వాక్యం చివర చూడండి. ‘విన్నావా? రమ ఉద్యోగం మానేసిందట.’ ఆ ‘ట’ లేకపోతే కబురు కాస్తా ప్రకటన అవుతుంది. పాత్ర స్వయంగా చూసిన సంగతైతే మాత్రం ‘ట’ పెట్టకండి. ‘నా కళ్లతో చూశా, ఏడ్చిందట’ అంటే అతకదు.