సెలవుల్లో ఇంటి పీసీలో గేమ్ తెరిచే ముందు: క్లౌడ్ సేవ్ గొడవ వస్తే తేదీ చూసి నొక్కొద్దు

సంక్రాంతికి ఆదోనిలో మా వీధిలో ఒక ఎల్డెన్ రింగ్ సేవ్ పోయింది. 35 గంటల ఆట. అన్నదమ్ములిద్దరూ ఇప్పటికీ సరిగ్గా మాట్లాడుకోవడం లేదు, వాళ్ళమ్మ ఫోన్లో ఇద్దరి మధ్యా రాయబారం నడుపుతోంది. ఇప్పుడు ఎండాకాలం సెలవులు దగ్గరపడ్డాయి, హాస్టళ్ళ నుంచి పిల్లలు ఇంటికొస్తారు, మూడు నెలలుగా ముట్టుకోని పీసీని ఆన్ చేస్తారు, పైన కరెంటు కోతలు. అందుకే రాస్తున్నా. నెట్ ఉండాలి, పాస్‌వర్డ్ గుర్తుండాలి లాంటివి ఎవరైనా చెప్తారు, వాటి జోలికి పోను.

జరిగింది ఇది. పెద్దోడు అనంతపురంలో ఇంజనీరింగ్, గేమ్ హాస్టల్ లాప్‌టాప్‌లో ఆడతాడు. లెవెల్ 112, ఆడిన సమయం 86 గంటలు. ఇంటి పీసీలో అదే స్టీమ్ అకౌంట్, కానీ అందులో చివరగా ఆడింది దసరాకి, అప్పటికి 51 గంటలే. పండక్కి ముందే చిన్నోడు ఇంటి పీసీ ఆన్ చేశాడు. ఆ రోజు నెట్ లేదు. క్లౌడ్‌తో సింక్ కాలేదని స్టీమ్ చెప్పింది, వీడు 'అయినా ఆడతాను' అన్న బటన్ నొక్కి గేమ్‌లోకి వెళ్ళి, కొత్త పాత్ర ఒకటి చేసుకుని సాయంత్రం దాకా ఆడాడు. మర్నాడు నెట్ వచ్చింది. గేమ్ తెరవబోతే విండో వచ్చింది: ఇక్కడి సేవ్ ఒకటి, క్లౌడ్‌లో సేవ్ ఒకటి, రెండూ వేరుగా ఉన్నాయి, ఏది ఉంచాలి?

నేను అడిగితే వాడన్న మాట: "రెండు డేట్లు చూపించింది అన్నా, ఏది కొత్తదో అదే పెట్టినా."

చాలామందిని ముంచేది ఇదొక్కటే. ఆ విండోలో కనబడే తేదీ ఫైల్‌ని చివరిసారి ఎప్పుడు రాశారో చెప్తుంది, ఆట ఎంత దూరం వెళ్ళిందో చెప్పదు. ఎల్డెన్ రింగ్ లాంటి గేమ్ తనంతట తాను సేవ్ చేస్తూనే ఉంటుంది, కాబట్టి దసరా నాటి సేవ్‌ని తెరిచి పది నిమిషాలు తిరిగినా దానికి ఈరోజు తేదీ పడుతుంది. పాత నోట్‌బుక్‌కి కొత్త అట్ట వేసినట్టు. క్లౌడ్‌లో ఉన్నది రెండు రోజుల క్రితంది అయినా 86 గంటలది, ఇంట్లో ఉన్నది నిన్నటిదే అయినా 51 గంటలది. తేదీ చూసి నొక్కొద్దు.

అసలు దెబ్బ ఆ తర్వాత పడింది. చిన్నోడు ఇంటి సేవ్‌ని ఎంచుకున్నాక కూడా మంచి కాపీ ఒకటి బతికే ఉంది, హాస్టల్ లాప్‌టాప్‌లో. పండగ అయ్యాక పెద్దోడు వెళ్ళి వైఫై మీద గేమ్ తెరిచాడు. అక్కడ ఏ విండో రాలేదు. ఎందుకంటే స్టీమ్ ప్రతి మెషిన్‌లోనూ చివరిసారి సింక్ అయినప్పుడు ఫైల్ ఎలా ఉందో రాసి పెట్టుకుంటుంది. ఆ తర్వాత ఇక్కడా మారి, క్లౌడ్‌లోనూ మారితేనే అది గొడవ, అప్పుడే అడుగుతుంది. లాప్‌టాప్‌లో ఏమీ మారలేదు, క్లౌడ్ మాత్రమే మారింది, కాబట్టి అడగకుండా క్లౌడ్‌లోది దించి లాప్‌టాప్‌లో ఉన్నదాని మీద రాసేసింది. ఒక మెషిన్‌లో తప్పు నొక్కితే రెండో మెషిన్ చప్పుడు లేకుండా దాన్నే తెచ్చుకుంటుంది.

విండో వచ్చినప్పుడు

ముందు ఏదీ నొక్కకుండా రద్దు చెయ్యండి. గేమ్ తెరుచుకోదు, అంతే, నష్టమేమీ లేదు, రేపైనా అదే ప్రశ్న అడుగుతుంది. తర్వాత విండోస్ కీ, R కలిపి నొక్కి ఇది టైప్ చేసి ఎంటర్ కొట్టండి:

```
%APPDATA%\EldenRing
```

లోపల పొడుగాటి అంకె పేరుతో ఒక ఫోల్డర్ ఉంటుంది, అందులో ER0000.sl2 అనే ఫైల్. ఆ ఫోల్డర్ మొత్తాన్ని డెస్క్‌టాప్ మీదికి కాపీ చేసి 'ఇంటి పీసీ' అని పేరు పెట్టండి. కట్ కాదు, కాపీ. వేరే గేమ్ అయితే చోటు వేరే ఉంటుంది, గేమ్ పేరుతో వెతికితే దొరుకుతుంది, వెతకడానికి ఐదు నిమిషాలు పట్టినా ఈ పని మానొద్దు.

ఇప్పుడు విండోలో క్లౌడ్ సేవ్‌ని ఎంచుకోండి. ఏది మంచిదో ఇంకా తెలియకపోయినా ముందు క్లౌడే. ఇక్కడి కాపీ ఎలాగూ డెస్క్‌టాప్ మీద దాచారు, దాని మీద క్లౌడ్‌లోది వచ్చి పడినా పోయేదేం లేదు. అదే ఇక్కడిది ఎంచుకుంటే క్లౌడ్‌లో ఉన్నది చెరిగిపోతుంది, దాన్ని మీరు ఎక్కడా దాచలేదు. చేతిలో కాపీ ఉన్నదాన్నే పణంగా పెట్టాలి, లేనిదాన్ని కాదు.

దిగిన తర్వాత, గేమ్‌లోకి వెళ్ళకముందే, అదే ఫోల్డర్‌ని మళ్ళీ కాపీ చేసి 'క్లౌడ్' అని పేరు పెట్టండి. ఇప్పుడు రెండూ మీ దగ్గర ఉన్నాయి, ఇక టెన్షన్ లేకుండా పోల్చుకోవచ్చు.

ఏది ఉంచాలి

ఫైల్ సైజు చూసి తేల్చుకుందామంటే ఈ గేమ్‌లో కుదరదు, లెవెల్ 14 అయినా 112 అయినా ఆ ఫైల్ 28 ఎంబీ దగ్గరే ఉంటుంది. గేమ్ తెరిచి, పాత సేవ్‌లు చూపించే మెనూ దాకా మాత్రం వెళ్ళండి. ఒక్కో పాత్ర పక్కన లెవెల్, ఆడిన సమయం కనబడతాయి. ఒకే పాత్ర రెండు కాపీల్లో ఉంటే ఎక్కువ గంటలున్నదే ముందుకెళ్ళిన కాపీ.

క్లౌడ్‌లోది తప్పయితే గేమ్ మూసి, లైబ్రరీలో గేమ్ పేరు మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో ఆ ఒక్క గేమ్‌కి స్టీమ్ క్లౌడ్ ఆపండి. 'ఇంటి పీసీ' ఫోల్డర్‌లోని ఫైల్స్‌ని అసలు చోట పేస్ట్ చేసి, గేమ్ తెరిచి లెవెల్ చూసుకుని, మూసి, అప్పుడు క్లౌడ్‌ని మళ్ళీ ఆన్ చెయ్యండి. విండో మళ్ళీ వస్తే ఈసారి ఇక్కడి సేవ్‌ని ధైర్యంగా ఎంచుకోవచ్చు, ఎందుకంటే క్లౌడ్‌లోది కూడా మీ డెస్క్‌టాప్ మీద ఉంది.

ఇద్దరు ఆడే ఇంట్లో చిక్కు వేరే. ఎల్డెన్ రింగ్‌లో పది పాత్రల దాకా పెట్టుకోవచ్చు, కానీ పదీ ఆ ఒక్క ER0000.sl2 లోనే ఉంటాయి. క్లౌడ్ ఎంచుకుంటే అన్న 86 గంటలు నిలుస్తాయి, తమ్ముడు నిన్న చేసుకున్న పాత్ర పోతుంది. అన్నది క్లౌడ్ నుంచి, తమ్ముడిది పీసీ నుంచి తీసి కలపడం స్టీమ్‌కి రాదు, అది ఫైల్‌ని ఫైల్‌గానే చూస్తుంది, లోపల ఎవరున్నారో దానికి తెలియదు. నన్నడిగితే ఒక సాయంత్రంలో మళ్ళీ ఆడగలిగిందే వదులుకోవాలి, తమ్ముడు ఏడ్చినా సరే. ఇకపై ఆ గొడవ వద్దనుకుంటే తమ్ముడికి సొంత స్టీమ్ అకౌంట్ పెట్టి స్టీమ్ ఫ్యామిలీస్‌లో చేర్చండి. గేమ్ షేరింగ్‌కి ఒప్పుకుంటే అదే గేమ్ వాడి అకౌంట్‌లో వాడి సొంత సేవ్‌తో నడుస్తుంది.

ఇక మిగతావి, గుర్తొచ్చిన వరసలో

- తప్పు ఇప్పటికే నొక్కేశారా? రెండో మెషిన్‌ని ఆన్ చెయ్యొద్దు. చెయ్యాల్సి వస్తే ముందు రూటర్ ఆపండి, స్టీమ్ తెరవకుండా సేవ్ ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లోకి తీయండి. హాస్టల్లో రూమ్‌మేట్ ఉంటే ఫోన్ చేసి "నా లాప్‌టాప్ ముట్టుకోవద్దు రా" అని చెప్పండి.
- సేవ్ పక్కనే ఉండే .bak ఫైల్‌ని నమ్ముకోవద్దు. అది ఆ మెషిన్‌లోనే కాస్త ముందు రాసిన కాపీ, హాస్టల్లో ఆడిన గంటలు దానిలో ఉండవు.
- నెట్ లేనప్పుడు 'అయినా ఆడతాను' నొక్కొద్దు. వేరే గేమ్ ఆడుకోండి. సినిమా చూడండి.
- గేమ్ మూసిన వెంటనే లాప్‌టాప్ మూత వెయ్యొద్దు. అప్‌లోడ్ మొదలయ్యేదే గేమ్ మూశాక. లైబ్రరీలో ఆ గేమ్ పేజీలో క్లౌడ్ స్థితి చూడండి, సింక్ పూర్తయిందని చూపించే దాకా ఆగండి. ఫోన్ హాట్‌స్పాట్ మీద ఆడేవాళ్ళు గేమ్ మూయగానే హాట్‌స్పాట్ కట్ చేస్తారు, ఈ గొడవల్లో సగం అక్కడే పుడతాయి.
- కరెంటు పోయి పీసీ ఆగిపోతే, వచ్చాక అదే పీసీలో స్టీమ్ తెరిచి సింక్ అయిందో లేదో చూసి, ఆ తర్వాతే లాప్‌టాప్‌లో ఆడాలి.
- పాత పీసీ గడియారం చూడండి. మదర్‌బోర్డ్ మీద ఉండే CR2032 సెల్ అయిపోతే, పీసీని ప్లగ్ తీసి మళ్ళీ పెట్టాక తేదీ ఏళ్ళ వెనక్కి పోతుంది, నిన్న రాసిన సేవ్‌కి కూడా ఆ పాత తేదీయే పడుతుంది. తేదీ చూసి నొక్కొద్దు అనడానికి ఇది ఇంకో కారణం.
- క్లౌడ్‌లో ఏముందో ముందే దించుకోవాలంటే బ్రౌజర్‌లో మీ అకౌంట్‌తో store.steampowered.com/account/remotestorage తెరవండి. గేమ్‌ల వారీగా ఫైల్స్ ఉంటాయి, ఒక్కొక్కటిగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. అక్కడ కనబడేది ఇప్పటి కాపీ ఒక్కటే. పోయినవారం కాపీ, పోయిన నెల కాపీ అంటూ ఉండవు.
- ఫోన్ గేమ్‌ల్లో కొత్త ఫోన్‌లో లాగిన్ అయినప్పుడు కూడా ఇదే ప్రశ్న వస్తుంది. కొన్ని లెవెల్ కూడా చూపిస్తాయి. లెవెల్ చదవండి, తేదీ కాదు. ఏమీ చూపించకపోతే రద్దు చేసి, పాత ఫోన్ తెరిచి లెవెల్ ఎంతో కాగితం మీద రాసుకుని రండి.
- పిల్లల చేతికి పీసీ ఇచ్చేముందు చెప్పండి: రెండు తేదీలతో విండో వస్తే నొక్కొద్దు, పిలువు.
- బస్సెక్కే ముందు హాస్టల్ లాప్‌టాప్‌లో సేవ్ ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. 28 ఎంబీ. వేసుకున్నాక పెన్‌డ్రైవ్ తీసి బ్యాగులో పెట్టండి, లాప్‌టాప్‌కే గుచ్చి వదిలెయ్యొద్దు.