రంగుల పాఠం – 6: ఏనుగు ఎందుకు ఆకుపచ్చగా మారింది?

పోయిన పాఠంలో ఎర్రటి నేల మీద, చెరియాల పటాల్లో ఉన్నట్టు, ఒక బూడిద రంగు ఏనుగును వేయమన్నాను. వేసినవాళ్లలో సగం మంది ఒకటే మాట రాశారు: "ఏనుగు పచ్చగా అయింది". మన దిక్కు పచ్చ అంటే పసుపు కూడా కాబట్టి మొదట నాకు అర్థం కాలేదు. ఫొటోలు చూశాక తెలిసింది, ఆకుపచ్చ. హనుమకొండ నుంచి ఒకామె నల్ల రంగు సీసా కల్తీదని పారేసి కొత్తది కొన్నారట. కొత్తదాంతోనూ అదే ఏనుగు. ముందే చెప్పకపోవడం నా తప్పు.

కన్ను ఏ రంగునూ ఒంటరిగా కొలవదు, పక్కదానితో ఎంత తేడా ఉందో చూస్తుంది. చుట్టూ ఎరుపు నిండి ఉంటే బూడిదలోంచి కూడా కొంత ఎరుపును తీసేసి చూపిస్తుంది. మిగిలేది నీలం కలిసిన ఆకుపచ్చ ఛాయ. అదే బూడిద పసుపు నేల మీద కొంచెం నీలంగా కనిపిస్తుంది. దీన్నే సైమల్టేనియస్ కాంట్రాస్ట్ అంటారు. పారిస్‌లో గోబెలిన్స్ తివాచీల కార్ఖానాలో అద్దకం చూసుకున్న షెవ్రేల్ అనే రసాయన శాస్త్రవేత్తకు నల్ల దారం సరిగ్గా నల్లగా లేదని ఫిర్యాదులు వచ్చాయి. వెతికితే అద్దకంలో లోపం లేదు, పక్కన నేసిన రంగులే కారణం. ఈ విషయం మీద ఆయన పుస్తకం 1839లో వచ్చింది.

ఇప్పుడు నాకు చిరాకు తెప్పించే సంగతి. రంగును తెల్ల పళ్లెంలో కలిపి, అక్కడే చూసి "సరిపోయింది" అనుకుంటారు. తెలుపు పక్కన ఏ రంగైనా ఉన్నదానికంటే ముదురుగా కనిపిస్తుంది. మీరు కొంచెం తెలుపు కలుపుతారు. తీసుకెళ్లి ముదురు ఎరుపు మీద పెడితే మరీ లేతగా తేలుతుంది. అప్పుడు నలుపు కలుపుతారు. పళ్లెంలో మళ్లీ ముదురుగా కనిపిస్తుంది, మళ్లీ తెలుపు. ఇట్లా అరసీసా రంగు అయిపోయాక రంగుల కంపెనీని తిడతారు. నేల రంగునే ఒక అట్టముక్కకు పూసి ఆరబెట్టి, దాని మీద రంగు కలపండి. నేను ఇరవై ఏళ్లుగా తెల్ల పళ్లెం వాడలేదు, మా ఇంట్లో అన్నానికి తప్ప.

ఆ హనుమకొండ ఏనుగునే తీసుకుందాం. ముందు లోపం రంగులోనా, కంటిలోనా తేల్చాలి. మధ్యస్థ బూడిద రంగు అట్టకు బఠానీ గింజంత రంధ్రం చేసి, ఎరుపు కనబడకుండా ఏనుగు ఒంటి మీద పెట్టి చూడండి. తెల్ల అట్ట వద్దు, ఎందుకో ఇప్పుడే చెప్పాను. రంధ్రంలో కూడా ఆకుపచ్చగా ఉంటే కలపడంలోనే తేడా ఉంది, నలుపులోకి పసుపు చేరి ఉండొచ్చు. ఆమె ఏనుగు రంధ్రంలో కొద్దిగా నీలంగానే కనిపించింది. నలుపు, తెలుపు మాత్రమే కలిపితే చాలాసార్లు అట్లాగే వస్తుంది. ఆకుపచ్చ అంతా పక్కనున్న ఎరుపు పని.

ఆమె తెలుపు కలిపి సరిచేయబోయారు, ఏనుగు లేత ఆకుపచ్చ అయింది. చేయాల్సింది బూడిదలోకి నేల ఎరుపునే కలపడం. అగ్గిపుల్ల తలంత ఒకసారి కలిపి, ఎర్ర అట్ట మీద పూసి, నాలుగడుగులు వెనక్కి జరిగి చూడండి. చాలకపోతే ఇంకో తల. ఆమెకు మూడుసార్లలో కుదిరింది. ఆ రంగును తెల్ల కాగితం మీద పెడితే గులాబీ బురదలా ఉందని భయపడ్డారు. ఎర్ర నేల మీద అదే శుద్ధమైన బూడిద. కానీ అది ఆ ఎరుపుకే పనికొస్తుంది, పసుపు అంచులోని పక్షికి వాడకండి.

నేల ఎంత ముదురో బొమ్మ కూడా అంతే ముదురుగా ఉంటే ఈ మాయ ఎక్కువ. ఏనుగును బాగా లేతగానో ముదురుగానో వేస్తే తగ్గుతుంది. చుట్టూ నల్ల గీత గీసినా తగ్గుతుంది. అందుకే నేను గీత ముందు వేసి, తర్వాతే రంగు సరిచూస్తాను.

వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసేవాళ్లు దారంలో రంగు కలపలేరు కదా అని ఒకరు అడిగారు. నిజమే. దారాన్ని ఒక అట్టకు చుట్టి, నేసిన ముక్క మీదే పెట్టి ఎంచుకోవాలి. కానీ సన్నటి చారల్లో లెక్క తిరగబడుతుంది. దారం మందం చారల్లో బూడిద, ఎరుపు పక్కపక్కన వస్తే, దూరం నుంచి బూడిద ఎర్రబడినట్టు కనిపిస్తుంది, ఆకుపచ్చగా కాదు. వెడల్పు పట్టీకి కుదిరిన సూత్రాన్ని సన్న చారకు వాడితే చెడుతుంది.

ఈసారి అభ్యాసం కష్టమే. ఎరుపు, పసుపు, నీలం అట్టలు మూడు చేయండి. ఒక్కోదాని మధ్యలో రూపాయి బిళ్లంత బూడిద వేయాలి. గది అవతల నుంచి చూస్తే మూడు బూడిదలూ ఒకేలా ఉండాలి. కుదిరాక మూడు బిళ్లల్నీ కత్తిరించి, ఒకే బూడిద అట్ట మీద పక్కపక్కన అంటించి పంపండి. మూడూ ఒకేలా కనిపిస్తే మళ్లీ వేయాలి.