క్యూఆర్ కోడ్ చదువుకుందాం – 3వ పాఠం: మూల చెరిగితే ఫోన్‌కు ఎందుకు కనిపించదు?

కర్నూలులో కొండారెడ్డి బురుజు దగ్గర నేను ఉగ్గాని బజ్జి తినే బండి ఒకటుంది. పోయిన వారం డబ్బులు కడదామంటే ఎంతసేపు పెట్టినా స్కాన్ కాలేదు. "నిన్నటిదాకా బాగానే పనిచేస్తాండె అన్నా, పొద్దున్నుంచి ఎవరికీ పడడంల్యా" అన్నాడు బండి అతను. పక్కనే ఉన్న జ్యూస్ బండి స్టిక్కర్‌కు నట్టనడుమ మేకు దిగ్గొట్టి ఉంది. అది మాత్రం క్షణంలో పడింది. ఆ తేడా ఎందుకో తెలిస్తే కోడ్ ఎలా చదువుతారో తెలిసినట్టే.

ముందు లోపల ఏముందో చూద్దాం. స్టిక్కర్‌లో డబ్బూ ఉండదు, బ్యాంకు ఖాతా బ్యాలెన్సూ ఉండదు. ఉండేది ఇలాంటి ఒక్క వాక్యం (ఐడీ నేను కల్పించింది):

```
upi://pay?pa=dukanam@bank&pn=Tiffin&cu=INR
```

`pa` అంటే ఎవరికి వెళ్లాలో ఆ ఐడీ, `pn` పేరు, `cu` ఏ దేశపు డబ్బో. అక్షరాలు లెక్కపెట్టండి, 42 వస్తాయి. ఒక్కో అక్షరానికి 8 గడులు. నల్ల గడి 1, తెల్ల గడి 0. వీటికి ముందు 0100 అని నాలుగు గడులుంటాయి, "ఇక్కడున్నవి మామూలు అక్షరాలు" అని వాటి అర్థం. ఆ తర్వాత ఎనిమిది గడుల్లో 00101010, అంటే 42. ఎన్ని అక్షరాలు చదవాలో ఫోన్‌కు ముందే చెప్పేస్తారన్నమాట. రాత కింది కుడిమూలలో మొదలై, రెండేసి గడుల వెడల్పున పైకి, మళ్లీ కిందికి మెలికలు తిరుగుతూ ఎడమవైపుకు సాగుతుంది.

ఈ వాక్యం 29 అడ్డం, 29 నిలువు గడుల కోడ్‌లో సరిగ్గా పడుతుంది. అందులో 70 బైట్లు పడతాయి. బైటు అంటే 8 గడుల ముక్క. 44 బైట్లు మన వాక్యానికి, మిగతా 26 దిద్దుబాటుకు. ఆ 26 వాక్యం నుంచే లెక్కగట్టి రాసినవి. వీటి సాయంతో 70లో ఎక్కడైనా సరే 13 బైట్ల దాకా పాడైనా ఫోన్ అసలు వాక్యాన్ని తిరిగి రాబట్టగలదు. జ్యూస్ బండి మేకు మింగింది ఆ లెక్కకు లోబడే. అందుకే అది చదివింది.

మరి ఉగ్గాని బండిది? రోజూ తడిగుడ్డతో నూనె మరకలు తుడిచీ తుడిచీ ఎడమ పైమూల చతురస్రం రంగు పూర్తిగా లేచిపోయింది. వాక్యం చెక్కుచెదరలేదు, పోయింది దాన్ని వెతికిపెట్టే గుర్తు. కెమెరా బొమ్మలో ఫోన్ మొదట వెతికేది అక్షరాల్ని కాదు, ఆ మూడు మూలల చతురస్రాల్ని. ఎటునుంచి గీత గీసినా, చతురస్రం నడిమధ్యగుండా పోతే నలుపు 1, తెలుపు 1, నలుపు 3, తెలుపు 1, నలుపు 1 అన్న పాళ్లే వస్తాయి. ఫోన్ వంకరగా పట్టుకున్నా, తలకిందులుగా పెట్టినా ఆ పాళ్లు మారవు. మూడూ దొరికాకే కోడ్ ఎటు తిరిగి ఉందో తెలిసి, గడులను వరసలుగా విడదీస్తుంది. ఒకటి లేకపోతే మామూలుగా అక్కడే ఆగిపోతుంది. దిద్దుబాటు లెక్క దాకా వెళ్లదు.

అందుకే నాకొక ఆలోచన వచ్చింది. స్టిక్కర్ మీద కోడ్ వెడల్పు 8.7 సెంటీమీటర్లుంది. 29తో భాగిస్తే ఒక్కో గడి 3 మిల్లీమీటర్లు. తెల్లకాగితం ముక్క మీద 21 మిల్లీమీటర్ల నల్ల చతురస్రం, దాని లోపల 15 మిల్లీమీటర్ల తెల్లది, నడుమ 9 మిల్లీమీటర్ల నల్లది మార్కర్‌తో గీసి మూలలో సరిగ్గా అతికించాను. రెండో ప్రయత్నానికి పడింది! మూలలో పక్కనున్న కొన్ని గడులు కూడా చెరిగాయి. దిద్దుబాటు స్థాయి ఎంతో, గడుల రంగులు ఏ పద్ధతిలో తిప్పి రాశారో చెప్పే 15 గడులు అక్కడే ఉంటాయి. వాటికి రెండో నకలు మిగతా రెండు మూలల దగ్గర ఉంటుంది కాబట్టి ఇబ్బంది రాలేదు. అయినా ఇది ఆ పూటకే. కొత్త స్టిక్కర్ తెచ్చుకోమని బండి అతనికి గట్టిగా చెప్పాను.

ఒక జాగ్రత్త. కోడ్ మొత్తానికి బయట చుట్టూ నాలుగు గడుల వెడల్పున తెల్లజాగా ఉండాలి. దాని మీదికి రంగు కాగితం వచ్చినా మూలలు దొరకవు. ప్లాస్టిక్ పూత మీద ఎండ మెరుపు పడితే నల్ల గడులు తెల్లగా కనిపిస్తాయి. అప్పుడు ఫోన్‌ను కాస్త పక్కకు వంచితే చాలు.

మీరు చేయాల్సిన పని: ఇంట్లో ఇలాంటిదే ఒక కోడ్ అచ్చు వేసుకోండి. 1 సెంటీమీటరు తెల్లకాగితం ముక్కను నడుమ పెట్టి స్కాన్ చేయండి. తర్వాత అదే ముక్కను ఒక మూల చతురస్రం నడుమనున్న నల్లదాని మీద పెట్టి చూడండి. రెండుసార్లూ ఏమైందో రాసిపెట్టుకోండి, 4వ పాఠంలో ఆ 26 బైట్లు ఎలా పుడతాయో అక్కడి నుంచే మొదలుపెడతాం.