ఫ్రీలాన్స్ పని ఒప్పుకునే ముందు వీసా షరతును చూసుకోండి

వీసా మీద ఉంటూ ఫ్రీలాన్స్ పని చేయాలనుకునేవారు ముందుగా చూడవలసింది క్లయింటు ఏ దేశంలో ఉన్నాడన్నది కాదు, తాము ఏ దేశంలో కూర్చుని పని చేస్తున్నామన్నది. అమెరికాలో ఉంటున్న దంపతులను తీసుకుందాం. భర్తది ఉద్యోగ వీసా అయిన హెచ్-1బి, భార్యది అతనిపై ఆధారపడినవారికి ఇచ్చే హెచ్-4. స్వదేశంలోని ఒక సంస్థ వెబ్‌సైటు డిజైన్ చేసిపెట్టమని ఆమెను అడిగింది, డబ్బును అక్కడి బ్యాంకు ఖాతాలోనే వేస్తానంది. డబ్బు అమెరికాకు రాదు కనుక ఇబ్బంది లేదనుకోవడం ప్రమాదకరం, ఎందుకంటే పని జరిగేది అమెరికా గడ్డ మీద. ఆమె దగ్గర పని చేసే అనుమతినిచ్చే ఈఏడీ కార్డు ఉండి, దానిపై సి26 అనే కేటగిరీ, ఇంకా ముగియని గడువు కనిపిస్తే స్వయం ఉపాధితో సహా ఏ పనైనా చేయవచ్చు. దరఖాస్తు పెట్టిన రసీదు మాత్రమే ఉంటే, మొదటిసారి కార్డు కోరుతున్నవారు అది చేతికి వచ్చేదాకా ఆగాలి.

భర్త పరిస్థితి ఇంకా ఇరుకైనది. హెచ్-1బి అనుమతి పిటిషన్ వేసిన యజమాని దగ్గర ఉద్యోగానికే పరిమితం కాబట్టి, సాయంత్రాలు చేసిన చిన్న పని కూడా హోదా ఉల్లంఘన కిందకు వస్తుంది. భార్య పేరిట ఇన్వాయిస్ పంపి పని మాత్రం ఆయన చేయడం కూడా ఇదే తప్పు అవుతుంది. ఆ ఆదాయానికి పన్ను కట్టినంత మాత్రాన పని చేసే అనుమతి ఏర్పడదు. పైగా గ్రీన్‌కార్డు దశలో అధికారులు పన్ను రిటర్నులను అడిగితే, స్వయం ఉపాధి ఆదాయం చూపే షెడ్యూల్ సి వారి కంటపడుతుంది.