విత్తనాల పోస్టరు అందరికీ అందేలా ఎలా తయారు చేయాలి?

ఖరీఫ్ దగ్గరపడితే అనంతపురం జిల్లా ఫోన్లలో వేరుశనగ విత్తనాల పోస్టర్లు తిరుగుతుంటాయి. మా రైతు సంఘానికి వాటిని నేనే చేస్తాను. ఒకసారి ఎర్రటి రంగు మీద పసుపు అక్షరాలతో ఒకటి చేసి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. చూపు లేని ఒక పెద్దాయన ఫోను చేసి, "నాయనా, ఏదో ఫోటో వచ్చిందని మాత్రమే ఫోను చెబుతోంది, అందులో ఏముంది?" అని అడిగారు. పొలంలో ఉన్న మరొకరు ఎండలో అక్షరాలే కనిపించడం లేదన్నారు. ఆ పోస్టరును ఎలా సరిచేశానో వరుసగా చెబుతాను.

ముందు అక్షరాల సంగతి. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉండే టాక్‌బ్యాక్ తెర మీది రాతను చదివి వినిపిస్తుంది. బొమ్మలో కలిసిపోయిన అక్షరాలు దానికి నమ్మకంగా అందవు. అందుకని తేదీ, చోటు, తేవలసిన కాగితాలు బొమ్మ కింద మామూలు రాతగా కూడా ఉండాలి. వాట్సాప్‌లో బొమ్మకు విడిగా వివరణ రాసే వీలు లేదు కాబట్టి అక్కడ ఇదొక్కటే దారి. ఇక్కడే నేనొక తప్పు చేశాను. డీటీపీ షాపు వాళ్లు ఇచ్చిన ఫైలు నుంచి రాతను అలాగే తెచ్చి అతికించాను. అది ‘అను’ అనే డీటీపీ ఫాంట్లలో చేసినది, ఫోన్లన్నీ చదవగలిగే యూనికోడ్ రాత కాదు. ఫోనులో పిచ్చి గుర్తులుగా మారిపోయింది. ఫోను కీబోర్డుతో మళ్లీ టైపు చేయక తప్పలేదు.

టైపు చేసేటప్పుడు పొడి అక్షరాలు వద్దు. "ఉ. 9 గం." అని రాస్తే వినేవారికి అర్థం కాకపోవచ్చు. "ఉదయం 9 గంటలకు" అనాలి. "10-6" అని కాకుండా "జూన్ 10" అని రాయాలి.

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో అయితే బొమ్మకు ఆల్ట్ టెక్స్ట్ కూడా ఇవ్వవచ్చు. అంటే తెరపై కనిపించకుండా, చదివి వినిపించే సాధనానికి మాత్రమే అందే వివరణ. ఫేస్‌బుక్‌లో ఫోటో తెరిచి మూడు చుక్కలు నొక్కితే Edit alt text ఉంటుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో పోస్టు చేసే ముందు అదనపు సెట్టింగులలో Write alt text కనిపిస్తుంది. "పోస్టరు" అని ఒక్క మాట రాసి వదిలేయకూడదు. "ఫోటో" అని మొదలుపెట్టనవసరం లేదు, ఆ మాట సాధనమే చెబుతుంది. నేను ఇలా రాశాను: "వేరుశనగ విత్తనాల పంపిణీ ప్రకటన. పైన కాయల కుప్ప, కింద జూన్ 10 తేదీ. చోటు, కాగితాల వివరాలు పోస్టులో ఉన్నాయి."

తర్వాత రంగులు. అక్షరానికీ వెనక రంగుకూ మధ్య వెలుగు తేడాను నిష్పత్తిగా కొలుస్తారు. మామూలు అక్షరాలకు కనీసం 4.5:1, పెద్ద శీర్షికలకు 3:1 ఉండాలని వెబ్ ప్రమాణాలు చెబుతాయి. నా పోస్టరులో ముదురు పసుపు కాదు, నిండు పసుపే వాడాను. అయినా మెరిసే ఎరుపు మీద అది 3.7:1 దగ్గరే ఆగింది. శీర్షికకు సరిపోతుంది, కింది చిన్న అక్షరాలకు చాలదు. రంగుల కోడ్లు ఇస్తే ఈ నిష్పత్తి చూపే ఉచిత సైట్లున్నాయి. ఎరుపు #FF0000 తీసేసి మెరూన్ #800000 పెట్టగానే 10:1 దాటింది. పోస్టరు అందం చెడలేదు, పసుపు ఇంకా బాగా నిలిచింది. తెలుగుకు ఇది మరీ అవసరం. తేడా చాలకపోతే ముందుగా మాయమయ్యేవి సన్నటి వత్తులూ గుడి దీర్ఘాలూ. వాటి చుట్టూ నీడలూ అంచు గీతలూ పెడితే ఇంకా అలికినట్టవుతాయి. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని వారూ ఉంటారు కాబట్టి "ఆకుపచ్చ గడిలోని గ్రామాలు" అని చెప్పి వదిలేయకుండా గ్రామాల పేర్లు రాయాలి.

వీడియో అయితే మాటలు కింద రాతగా రావాలి. వినికిడి లేనివారికే కాదు, బస్సులో శబ్దం ఆపి చూసేవారికీ అదే ఆధారం. యూట్యూబ్‌కు ఇలాంటి చిన్న ఫైలును .srt పేరుతో ఇస్తే చాలు:

```
1
00:00:01,000 --> 00:00:04,000
విత్తనాలకు వచ్చేటప్పుడు
ఆధార్, పాసు పుస్తకం తెండి
```

ఒకసారికి రెండు వరుసలు మించకుండా చూడండి. యంత్రం రాసిపెట్టే రాతను వాడితే ఊర్ల పేర్లూ విత్తన రకాల పేర్లూ ఒకటికి రెండుసార్లు సరిచూడాలి. కదిరి రకం పేరు తప్పుగా పడితే రైతు ఇంకో రకం అనుకుంటాడు.

ఇదంతా చేశాక పోస్టరు వెళ్లే దూరం పెరిగింది. కారణం స్పష్టమే. వాట్సాప్‌లో "విత్తనాలు" అని వెతికితే కింది రాత దొరుకుతుంది, బొమ్మలోని అక్షరం దొరకదు. బెంగళూరులో పని చేసే కొడుకు ఆ రాతనే కాపీ చేసి ఊళ్లో ఉన్న తండ్రికి పంపగలడు. వెబ్‌సైటులో పెట్టిన బొమ్మ దేని గురించో తెలుసుకోవడానికి గూగుల్ కూడా ఆల్ట్ టెక్స్ట్‌ను వాడుకుంటుంది. అయితే ఆల్ట్ టెక్స్ట్ రాసినంత మాత్రాన ఫేస్‌బుక్ ఎక్కువ మందికి చూపిస్తుందని అనుకోవద్దు.

పంపే ముందు నేను రెండు పరీక్షలు చేస్తాను. ఫోను తీసుకుని మధ్యాహ్నం ఎండలోకి వెళ్లి, చేయి చాపి పోస్టరు చదువుతాను. తర్వాత టాక్‌బ్యాక్ ఆన్ చేసి, తెర చూడకుండా వింటాను. ఒక్కసారి విన్నప్పుడు తేదీ, చోటు, కాగితాలు మూడూ అందకపోతే, కింది రాతను మళ్లీ రాస్తాను.