స్కాన్ చేస్తే డబ్బు వస్తుందన్నారు, ఖాతాలోంచి పోయింది: కారణం, పరిష్కారం

సమస్య

ఫోన్‌లో పెద్ద ఆర్డరు ఇచ్చిన వ్యక్తి అడ్వాన్సు పంపుతానని చెప్పి, దుకాణదారుడి వాట్సాప్‌కు ఒక క్యూఆర్ కోడ్ పంపిస్తాడు. దానిని స్కాన్ చేసి, 8,500 రూపాయలని వేసి, యూపీఐ పిన్ కొడితే ఆ మొత్తం ఖాతాలో జమ అవుతుందని లైన్‌లోనే ఉండి చెబుతాడు. దుకాణదారుడు అలాగే చేస్తాడు, కాని బ్యాంకు నుంచి వచ్చిన సందేశంలో డెబిట్ అని ఉంటుంది. అడిగితే పొరపాటు జరిగిందని, ఇంకో కోడ్ స్కాన్ చేస్తే రెండు మొత్తాలూ కలిపి 17,000 వస్తాయని అంటాడు. అదీ మొదటిదాని వంటి కోడే.

కొందరు ముందుగా ఒక పరీక్ష చేయిస్తారు. అయిదు రూపాయల కోడ్ స్కాన్ చేయించి, పిన్ కొట్టించి, వెంటనే పది రూపాయలు పంపుతారు. పిన్ కొట్టినందువల్లే డబ్బు వచ్చిందని దుకాణదారుడు నమ్మేది ఇక్కడే. లావాదేవీల జాబితా తెరిచి చూస్తే అయిదు రూపాయలు పోయినట్టు ఒకటి, పది రూపాయలు వచ్చినట్టు ఒకటి, వేర్వేరు నంబర్లతో రెండు లావాదేవీలు కనబడతాయి. పది రూపాయలు అవతలివాడు విడిగా పంపినవి, వాటికీ ఇవతల కొట్టిన పిన్‌కూ ఏ సంబంధమూ లేదు.

కారణం

చెల్లింపు క్యూఆర్ కోడ్‌లో సాధారణంగా ఉండేది ఇటువంటి ఒక వరుస మాత్రమే:

```
upi://pay?pa=name@bank&pn=Name&am=8500&cu=INR
```

ఇందులో `pa` అంటే డబ్బు ఎవరికి చేరాలో వారి యూపీఐ చిరునామా, `pn` వారి పేరు, `am` మొత్తం. మొత్తం లేని కోడ్ అయితే స్కాన్ చేసినవారే దానిని వేయాలి. ఎవరి ఖాతా నుంచి డబ్బు తీయాలన్నది కోడ్‌లో ఉండదు, ఎందుకంటే స్కాన్ చేసినవారే చెల్లించేవారు. దుకాణం గల్లాపెట్టె దగ్గర అంటించిన కోడ్ కూడా ఇలాంటిదే: కొనుగోలుదారు స్కాన్ చేస్తారు, వారే పిన్ కొడతారు, దుకాణదారుడు తన ఫోన్ ముట్టుకోకుండానే డబ్బు వస్తుంది.

ఈ ఖాతాలోంచి ఇంత తీయడానికి ఖాతాదారుడు ఒప్పుకున్నాడని చెల్లించేవారి బ్యాంకు నిర్ధారించుకునేది సాధారణంగా పిన్‌తోనే. జమ చేసుకునే బ్యాంకుకు ఎవరి అనుమతీ అవసరం లేదు, చిరునామా సరైనదైతే చాలు. రీఫండ్ అయినా, బహుమతి అయినా, అడ్వాన్సు అయినా ఇదే పద్ధతి. డబ్బు పంపడానికే కాక నిల్వ చూసుకోవడానికీ, ఆటోపే అనుమతి ఇవ్వడానికీ పిన్ అడుగుతుంది గాని, డబ్బు అందుకోవడానికి ఎన్నడూ అడగదు.

ఒక జాగ్రత్త ఇక్కడే చెప్పాలి. పిన్ అడగలేదు కనుక ప్రమాదం లేదని అనుకోరాదు, ఎందుకంటే యాప్‌లో ముందుగా డబ్బు వేసి ఉంచుకునే యూపీఐ లైట్ నుంచి చిన్న మొత్తాలు పిన్ లేకుండానే పోతాయి. కనుక స్కాన్ చేశాక తెరమీద ఎవరి పేరు వచ్చిందో, చెల్లించమని అడుగుతోందో లేదో చూడటమే సరైన పరీక్ష.

పరిష్కారం

ఇంకా పిన్ కొట్టకపోతే వెనక్కి వచ్చేయండి, కేవలం స్కాన్ చేసినంత మాత్రాన డబ్బు పోదు. ఇప్పటికే పోయి ఉంటే, అవతలి వ్యక్తితో వాదనకు దిగక వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి, లేదా cybercrime.gov.in లో ఫిర్యాదు నమోదు చేయండి. యాప్‌లోని లావాదేవీ వివరాల్లో కనబడే 12 అంకెల యూటీఆర్ నంబరు, తేదీ, సమయం, అవతలి యూపీఐ చిరునామా దగ్గర పెట్టుకోండి. మీ బ్యాంకుకూ అదే సమయంలో తెలియజేయండి. డబ్బు చేరిన ఖాతాలో ఇంకా మిగిలి ఉంటే దానిని నిలిపివేయించే అవకాశం ఉంటుంది. అందులోంచి తీసేశాకా, వేరే ఖాతాలకు మళ్ళించాకా ఆ అవకాశం తగ్గిపోతుంది కనుక ప్రతి నిమిషమూ విలువైనదే. పిన్ కొట్టింది ఖాతాదారుడే కావడం వల్ల బ్యాంకు తనంతట తాను పరిహారం ఇస్తుందని ఆశించి కూర్చోకూడదు.

పిన్ మార్చాలా అని చాలామంది అడుగుతారు. మీరు మీ ఫోన్‌లోనే కొట్టి, ఎవరికీ చెప్పకపోతే అది మోసగాడికి తెలిసి ఉండదు. అయితే అతని మాట విని మీ ఫోన్ స్క్రీన్‌ను అతనికి చూపించే యాప్ ఏదైనా వేసుకొని ఉంటే, ముందు ఇంటర్నెట్ ఆపి, ఆ యాప్ తీసేసి, తర్వాతే పిన్ మార్చాలి.

ఇకపై అడ్వాన్సు పంపుతామని కోడ్ పంపేవారికి మీ సొంత కోడ్ గాని యూపీఐ చిరునామా గాని ఇచ్చి, దానికే పంపమని చెప్పండి. నిజంగా పంపదలచినవారికి అది చాలు. స్క్రీన్‌షాట్ చూసి కాక, మీ ఖాతాలో జమ కనబడిన తర్వాతే సరుకు కదిలించండి.