మొదటి బండి: సిటీకీ, అప్పుడప్పుడు హైవేకీ ఎన్ని సీసీ?

రోజూ హైదరాబాద్ ట్రాఫిక్‌లో ఆఫీసు, రెండు నెలలకోసారి వెనక మనిషితో విజయవాడ. ఇలాంటివాళ్లకి నా లెక్కలో 150-160 సీసీ సరిపోతుంది.

100-110 సీసీ బండికి ఉండేది దాదాపు 8 హార్స్‌పవర్. ఇద్దరు ఎక్కి 80లో పోతుంటే యాక్సిలరేటర్ దాదాపు చివరిదాకా తిప్పే ఉంటుంది. లారీని దాటాలంటే ఇంకా తిప్పడానికి మిగలదు, సగం దాటాక ఎదురుగాలి తగిలితే పక్కనే ఇరుక్కుపోతాం. అసలు ప్రమాదం అదే. 160లో దాదాపు 15 హార్స్‌పవర్ ఉంటుంది కాబట్టి 80 దగ్గర కూడా కాస్త చేతిలో మిగులుతుంది.

350 హైవే మీద హాయే. కానీ 180 కిలోలు దాటిన బరువు, ఇంజన్ వేడి, గట్టి క్లచ్ సిగ్నళ్ల మధ్య కొత్తవాళ్లని అలిసిపోయేలా చేస్తాయి. రోజూ పడే బాధ అది.

టెస్ట్ రైడ్‌కి వెనక ఎవరినైనా ఎక్కించుకోండి. ఖాళీ రోడ్డు మీద టాప్ గేర్‌లో 60 నుంచి 80కి లాగి చూడండి. గేరు దించకుండా వేగం అందుకోకపోయినా, 80లో ఫుట్‌రెస్టులు బాగా వణికినా ఆ బండి వద్దు.

ఒక మాట: 150 సీసీ దాటితే థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ దాదాపు రెట్టింపు. బడ్జెట్ బిగుతుగా ఉంటే 149 సీసీ బండ్లు చూడండి.